చెదలు తిన్న నోట్లు: నంబరు ఉందా అన్నది కాదు, ముక్క ఎంత మిగిలిందన్నదే లెక్క

ప్రశ్న: మాది ఆత్మకూరు దగ్గర పల్లె. మా అత్తయ్య గేదెపాలు పోసి నాలుగేళ్లుగా దాచుకున్న డబ్బు పాత ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టింది. మొన్న తీసి చూస్తే చెదలు పట్టి ఉంది. 500 నోట్లు 18, 200 నోట్లు 6, వందలు 9, ఇరవైలు 5, మొత్తం 11,200. కొన్నిటికి అంచులు పోయాయి, కొన్నిటికి బొక్కలు, ఒక 500 నోటు రెండు ముక్కలైంది, నాలుగు 500 నోట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. రెండు ముక్కలైనదాన్ని నేనే సెల్లోటేపుతో అతికించాను. ఊళ్లో బ్యాంకుకి తీసుకెళ్తే కౌంటర్లో అబ్బాయి పైపైన చూసి ఇవి చెల్లవన్నాడు. నెల్లూరులో పాత నోట్లు మార్చే ఆయన నూటికి నలభై ఇస్తానంటున్నాడు. నంబరు కనపడితే చాలు మొత్తం ఇస్తారని కొందరు, ఒక్క రూపాయి కూడా రాదని కొందరు చెప్తున్నారు. ఈ డబ్బు సంగతి మా ఆయనకు తెలియదు, తెలిస్తే అత్తయ్యను కోప్పడతాడు. ఆమె మూడు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. ఏం చేయమంటారు? ఫోటోలు పంపిస్తున్నాను.

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారిని కూర్చోబెట్టి ఒక మాట చెప్పండి, ఆ డబ్బులో చాలా భాగం తిరిగొస్తుంది. ఊరికే ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు ఇది. మీరు పంపిన ఫోటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశాను, లెక్క కూడా వేశాను, కింద రాస్తాను. నేను బ్యాంకులో పనిచేసిన రోజుల్లో ఏడేళ్లు కరెన్సీ చెస్ట్, అంటే రిజర్వ్ బ్యాంకు తరఫున నోట్లు నిల్వ ఉంచే ఖజానా, ఉన్న బ్రాంచిలో క్యాష్ ఆఫీసరుగా ఉన్నాను. ఎలుకలు కొరికినవీ చెదలు తిన్నవీ లుంగీ జేబులో ఉండి చాకిరేవులో ఉతుకు పడ్డవీ రోజూ నా బల్ల మీదికి వచ్చేవి.

ఆ నెల్లూరు ఆయనకు ఈ వారం రోజులూ ఒక్క నోటు కూడా ఇవ్వకండి. ఆయన నూటికి నలభై అంటున్నాడంటే ఎవరి మీదో జాలిపడి కాదు, ఏ నోటుకు పూర్తి విలువ వస్తుందో దేనికి సగం వస్తుందో ఆయనకు తెలుసు, మీకు తెలియదు, అంతే తేడా. ఆ తెలియనిది తెలుసుకుంటే మీరే మార్చుకోవచ్చు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

పాడైన నోట్లకు డబ్బు ఇచ్చే పద్ధతి రిజర్వ్ బ్యాంకు నోట్ రిఫండ్ రూల్స్ ప్రకారం నడుస్తుంది. 2009లో వచ్చిన రూల్స్ అవి, కొత్త సైజు నోట్లు వచ్చాక 2018లో సవరించారు. అందులో అసలు సూత్రం ఒక్కటే. నోటులో చీలిపోకుండా ఒకే ముక్కగా మిగిలిన అతి పెద్ద భాగం ఎంత వైశాల్యం ఉందో కొలుస్తారు. నంబరు ఉందా, గాంధీ బొమ్మ ఉందా, సంతకం ఉందా అన్నదాన్ని బట్టి విలువ కట్టరు. నంబరు రెండు వైపులా చక్కగా కనపడుతున్నా నోటు మూడో వంతే మిగిలితే ఏమీ రాదు. ఒక మూల నంబరు మొత్తం చెదలు తినేసినా మిగతాది ఒకే ముక్కగా తగినంత ఉంటే పూర్తిగా వస్తుంది.

50 రూపాయలు, అంతకంటే పెద్ద నోట్లకు మూడు మెట్లు ఉన్నాయి. ఆ పెద్ద ముక్క నోటు మొత్తంలో 80 శాతం కంటే ఎక్కువ ఉంటే పూర్తి విలువ. 40 శాతం నుంచి 80 శాతం దాకా ఉంటే సగం. 40 కంటే తక్కువైతే ఏమీ లేదు. 20 రూపాయలు, అంతకంటే చిన్న నోట్లకు సగం అనేదే లేదు, ముక్క సగం కంటే ఎక్కువ ఉంటే పూర్తిగా ఇస్తారు, లేకపోతే లేదు.

శాతాలంటే కంగారు పడకండి, ఇంట్లోనే కొలవొచ్చు. పిల్లల దగ్గర గ్రాఫ్ కాగితం ఉంటుంది కదా, సెంటీమీటరు గళ్లది. ఇప్పుడు వాడుకలో ఉన్న 500 నోటు పొడవు 15 సెంటీమీటర్లు, ఎత్తు 6.6 సెంటీమీటర్లు, అంటే 99 చదరపు సెంటీమీటర్లు. పూర్తి విలువకు కనీసం 80 కావాలి, సగానికి 40. గ్రాఫ్ కాగితం మీద నోటును పరిచి పెన్సిలుతో చుట్టూ గీయండి, బొక్క ఉంటే బొక్క లోపల కూడా గీయండి, నోటు తీసి గళ్లు లెక్కపెట్టండి. సగం కంటే ఎక్కువ నిండిన గడిని ఒకటిగా, తక్కువ నిండినదాన్ని సున్నాగా వేసుకుంటే అసలు లెక్కకు దగ్గరగానే వస్తుంది. బ్యాంకులో మేము చేసిందీ ఇంచుమించు ఇదే, మా దగ్గర గళ్లు గీసిన పారదర్శక షీటు ఉండేది, దాన్ని నోటు మీద పెట్టి చూసేవాళ్లం.

మీ రెండో ఫోటోలో ఉన్న 500 నోటునే తీసుకుందాం, పక్కన స్కేలు పెట్టి తీశారు కాబట్టి కొలత తెలుస్తోంది. కుడి అంచు పైనుంచి కిందిదాకా రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున పోయింది. రెండున్నరను 6.6తో గుణిస్తే 16.5. తొంభై తొమ్మిదిలోంచి అది తీసేస్తే 82.5 మిగులుతుంది. అంటే పూర్తి 500 వస్తుంది. దాని కింద ఉన్న నోటుకు అదే వైపున మూడున్నర సెంటీమీటర్లు పోయింది. పోయింది 23.1, మిగిలింది 75.9. ఇది 250కే వస్తుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి కదా, ఒక్క సెంటీమీటరు తేడాకు 250 రూపాయలు. అందుకే అంచుల దగ్గర నోట్లను పట్టుకునేటప్పుడు జాగ్రత్తగా ఉండమంటున్నాను, చెదలు తిన్న చోట కాగితం పొడిపొడిగా ఉంటుంది, వేలు తగిలినా ఇంకో ముక్క ఊడుతుంది. నాకు తెలిసిన ఒకాయన, అనుమసముద్రంపేట వైపు రైతు, ఇంటి దగ్గర పూర్తి విలువకు సరిపోయే నోట్లను రబ్బరు బ్యాండు వేసి చొక్కా జేబులో పెట్టుకుని బస్సులో నిలబడి వచ్చాడు. నా బల్ల మీద జేబు దులిపితే నోట్లతో పాటు అరచేతి నిండా పొడి రాలింది. నాలుగు నోట్లు సగానికి దిగిపోయాయి.

నోటు సైజు ఏదో చూసుకుని కొలవండి. 200 నోటు పొడవు 14.6 సెంటీమీటర్లు, ఎత్తు అదే 6.6, పూర్తి విలువకు 78 గళ్లు, సగానికి 39. వందల్లో మీ దగ్గర రెండు రకాలు కలిసి ఉన్నాయి. లేత ఊదారంగు కొత్త వంద చిన్నది, దానికి 75, 38. పాత వంద పెద్దది, 15.7 పొడవు, 7.3 ఎత్తు, దానికి 92, 46 కావాలి. పాత వందను కొత్త వంద కొలతతో చూసుకుని పూర్తి వస్తుందనుకుని తర్వాత బాధపడేవాళ్లు ఉంటారు. పాత వంద ఇప్పటికీ చెల్లుతుంది, ఆ విషయంలో టెన్షన్ అక్కర్లేదు. ఆకుపచ్చ పసుపు కలిసిన కొత్త ఇరవైకి 41 గళ్లు ఉంటే చాలు.

ఇక ముక్కల సంగతి. జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. నోటు మూడు ముక్కలైందనుకోండి, ఒకటి 45 శాతం, ఒకటి 30, ఒకటి 20. మూడూ కలిపితే 95 శాతం ఉంది కదా, పూర్తిగా రావాలి కదా అనిపిస్తుంది. రాదు. ముక్కల వైశాల్యాలు కూడరు, పెద్ద ముక్క 45 కాబట్టి సగమే. ఎంత నేర్పుగా అతికించినా ఆఫీసరు అతుకు దగ్గర గీత చూసి వేరు వేరు ముక్కలుగానే లెక్క వేస్తాడు.

కానీ రెండు ముక్కలైన నోటుకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది, మీ నోటుకు అదే వర్తిస్తుంది. రెండు ముక్కలూ ఒకే నోటువి అయి ఉండి, ఒక్కొక్కటీ విడివిడిగా 40 శాతానికి తగ్గకుండా ఉంటే పూర్తి విలువ ఇస్తారు. మీ నోటు మధ్యలో దాదాపు ఒక సెంటీమీటరు పట్టీ చెదలు తినేసింది, అటు ఏడు, ఇటు ఏడు సెంటీమీటర్లు మిగిలింది. ఏడును 6.6తో గుణిస్తే 46.2, రెండు వైపులా అంతే. నలభై దాటింది కాబట్టి 500 రావాలి. అదే ఒక ముక్క ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, రెండోది ఐదున్నర అయి ఉంటే, మిగిలిన కాగితం అంతే అయినా, చిన్న ముక్క 36.3 దగ్గర ఆగిపోయేది, పెద్ద ముక్క 56 మాత్రమే కాబట్టి 250తో సరిపెట్టేవాళ్లు. (అసలు ఏమీ పోకుండా నిలువునా రెండుగా చినిగిన నోటు అయితే ఈ కొలతలేవీ అక్కర్లేదు, రెండు ముక్కలూ కలిపి పూర్తి నోటు అయితే దాన్ని మాసిన నోటు కిందే తీసుకుని మార్చేస్తారు.)

ఇక్కడ మాత్రం నంబరుకు పని ఉంది. రెండు ముక్కలూ ఒకే నోటువని తెలియాలి కదా. 500 నోటు మీద నంబరు ముందు వైపు పైన ఎడమ పక్కా, కింద కుడి పక్కా రెండు చోట్ల ఉంటుంది. మీరు టేపు వేసిన నోటు మీద ఆ రెండు నంబర్లూ ఒకటేనా కాదా ఇప్పుడే చూడండి. ఫోటోలో ఎడమ వైపు నంబరు స్పష్టంగా ఉంది, కుడి వైపుది చివరి మూడంకెలే కనపడుతున్నాయి, అవి మాత్రం కలుస్తున్నాయి. కలిస్తే టేపు వల్ల వచ్చే ఇబ్బంది ఏమీ లేదు, టేపు ఉందని నోటు కొట్టేయరు. దాన్ని ఇప్పుడు పీకే ప్రయత్నం చేయకండి, టేపుతో పాటు పైపొర లేచొస్తుంది, అప్పుడు ఉన్న కొలత కూడా తగ్గుతుంది. ఒకవేళ నంబర్లు కలవకపోతే, అంటే కంగారులో ఒక నోటు ముక్కకు ఇంకో నోటు ముక్క అంటించి ఉంటే, దాన్ని అలాగే కౌంటర్లో ఇవ్వకండి. వేరు వేరు నోట్ల ముక్కలు కలిపి ఒక నోటు చేశారన్న అనుమానం వస్తే ఆ నోటు తిరస్కరిస్తారు, మీరు పొరపాటున చేశారని నిరూపించుకోవడం కష్టం. ముందే ఆఫీసరుకి చెప్పి, ఆయన ముందే విడదీయమనండి. మిగతా నోట్లకు ఇంక టేపు వేయకండి. అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయని కత్తెరతో సమం చేయడం అసలు వద్దు. చెదలు తిన్న అంచు భూతద్దంలో చూస్తే సన్నగా పీచు పీచుగా, అక్కడక్కడా మట్టి అంటుకుని ఉంటుంది, కత్తెర వేసిన అంచు గీత గీసినట్టుంటుంది. కావాలని కోసిన నోటు అనిపిస్తే రూల్స్ ప్రకారం మొత్తం విలువ పోతుంది. ఒక పెద్దామె ఎలుకలు కొరికిన ఆరు నోట్లు శుభ్రంగా ఉంటే తీసుకుంటారని అంచులు కత్తిరించి తెచ్చింది, ఆమె మాటల్లో అబద్ధం లేదని నాకు తెలుస్తూనే ఉంది, కానీ బల్ల మీద ఉన్నది కత్తెర అంచు. ఆమెకు రెండు నోట్లకే ఇవ్వగలిగాను. ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది ఆ రోజు.

ఇప్పుడు మీ లెక్క. ఫోటోలను బట్టి చూస్తే, అంటుకుపోయిన నాలుగూ పక్కన పెడితే మిగిలిన పద్నాలుగు 500 నోట్లలో ఎనిమిది పూర్తి విలువకు వస్తాయి, టేపు వేసినది తొమ్మిదోది. నాలుగు సగానికి వస్తాయి. ఒకటి మాత్రం నంబరు ఉన్న మూల, గాంధీ గారి భుజం దాకానే మిగిలింది, అది పాతిక గళ్లు కూడా లేదు, దానికి ఏమీ రాదు. అంటే 4,500, ఇంకో 1,000, కలిపి 5,500. ఇన్నూర్లలో నాలుగు పూర్తి, రెండు సగం, 1,000. వందల్లో ఆరు పూర్తి, మూడు సగం, 750. ఇరవైల్లో నాలుగు వస్తాయి, ఒకటి పోతుంది, 80. మొత్తం 7,330. ఫోటోలో చూసి వేసిన లెక్క కాబట్టి ఒకటి రెండు నోట్లు అటూ ఇటూ కావచ్చు. ఆ నెల్లూరు ఆయన లెక్కన 11,200కు వచ్చేది 4,480. అదీ ఆయన అన్నీ తీసుకుంటే. మంచివి మాత్రం ఏరుకుని మిగతావి మీ చేతిలో పెడితే ఇంకా తక్కువ.

ఎక్కడికి తీసుకెళ్లాలి అన్నది తర్వాత మాట. కౌంటర్లో ఉన్న అబ్బాయి చెల్లవన్నాడని ఆగిపోకండి. ఇలాంటి నోట్లకు విలువ తేల్చే అధికారం కౌంటర్లో కూర్చున్న క్యాషియరుకు ఉండదు, బ్రాంచి మేనేజరు గానీ క్యాష్ చూసే ఆఫీసరు గానీ తేల్చాలి. ఆ అబ్బాయి తనకు తెలిసినంతలో చెప్పి ఉంటాడు. మీకు అక్కడ అకౌంటు లేకపోయినా సరే, చాలా బ్యాంకుల బ్రాంచిల్లో అడగొచ్చు. చెస్ట్ లేని బ్రాంచిలో ఇలాంటి చినిగిన నోట్లు ఐదు వరకు ఇస్తే మామూలుగా అక్కడే చూసి డబ్బు ఇవ్వాలి, తేల్చలేకపోతే రసీదు ఇచ్చి తమ చెస్ట్ బ్రాంచికి పంపాలి, డబ్బు ఎప్పటికి వస్తుందో రసీదు మీద రాయాలి, అది 30 రోజులు దాటకూడదు. ఐదు కంటే ఎక్కువ ఉండి విలువ 5,000 లోపు అయితే చెస్ట్ బ్రాంచికి ఇన్సూర్డ్ పోస్టులో పంపే వీలు కూడా ఉంది, అకౌంటు నంబరు, బ్రాంచి పేరు, ఐఎఫ్ఎస్‌సీ రాసి పంపితే 30 రోజుల్లో అకౌంటులో వేస్తారు. 5,000 దాటితే చెస్ట్ బ్రాంచికి వెళ్లడమే.

మీవి, అంటుకున్నవి పక్కన పెడితే, 34 నోట్లు, ముఖ విలువ 9,200. కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఊళ్లో బ్రాంచిలోనే మేనేజరును కలిసి ఐదేసి చొప్పున మార్చుకోవడం. బస్సు ఖర్చు లేదు, కానీ ఏడుసార్లు వెళ్లాలి, ప్రతిసారీ ఎవరో ఒకరు చూస్తారు, పల్లెలో ఆ మాట మీ ఆయన చెవిన పడకుండా ఉండదు. ఆ బ్రాంచిలో ఇలాంటి నోట్లు చూసే అలవాటు లేకపోతే ప్రతి నోటుకూ వాదన కూడా. రెండోది, ఒక్కరోజు నెల్లూరు వెళ్లి కరెన్సీ చెస్ట్ ఉన్న బ్రాంచిలో అన్నీ ఒకేసారి ఇవ్వడం. అక్కడ రోజూ చూసే పని కాబట్టి తేలిగ్గా తేలుతుంది. ఏ బ్రాంచికి చెస్ట్ ఉందో మీ ఊరి మేనేజరును అడిగితే చెప్తారు. నా మనసులో మాట అడిగితే రెండోదే మేలంటాను, కానీ అత్తగారు ప్రయాణం చేయలేని మనిషైతే మొదటిదీ తప్పు కాదు, మొదట పూర్తి విలువ వచ్చే 500 నోట్లు ఐదు ఇచ్చి చూడండి, వాళ్లు ఎలా చూస్తారో తెలుస్తుంది.

వెళ్లే రోజు నోట్లను విలువ వారీగా విడదీసి, ఒక్కొక్క నోటుకీ మధ్యలో తెల్ల కాగితం పెట్టి, పాత నోటుపుస్తకం అట్టల మధ్య పరిచి, సంచిలో అడ్డంగా పెట్టుకుని తీసుకెళ్లండి. మట్టి ఉంటే మెత్తటి బ్రష్‌తో ఒకే వైపుకి తుడవండి, నీళ్లు వద్దు, ఇస్త్రీ పెట్టె అసలే వద్దు, వేడికి కాగితం పెళుసెక్కుతుంది. ఒక కాగితం మీద ఏ విలువ నోట్లు ఎన్నో, మీ గ్రాఫ్ లెక్క ప్రకారం ఏది పూర్తి ఏది సగమో రాసుకుని ఉంచుకోండి. ఆఫీసరు చెప్పింది మీ లెక్కకు తేడాగా ఉంటే, ఈ నోటు నేను కొలిస్తే 82 వచ్చిందండీ, ఒకసారి చూస్తారా అని నెమ్మదిగా అడగండి. కొలిచి తెచ్చిన మనిషి మాటకు విలువ ఉంటుంది, నేనైతే మళ్లీ షీటు పెట్టి చూసేవాణ్ని. ఒక విషయం ముందే తెలుసుకోండి, తేల్చిన తర్వాత ఆ నోట్లు, తిరస్కరించినవైనా సరే, బ్యాంకు దగ్గరే ఉంచుకుంటారు, తిరిగి ఇవ్వరు. అందుకే ఇచ్చే ముందు రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. అసలు నోట్లే చూడం అంటే, ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మని అడగండి, మీరూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా cms.rbi.org.in లో బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు, ఖర్చేమీ ఉండదు. నాకు తెలిసి చాలాచోట్ల రాసి ఇమ్మన్న మాటతోనే మేనేజరు నోట్లు చేతిలోకి తీసుకుంటాడు.

ఇక అంటుకుపోయిన నాలుగు. వాటిని లాగకండి. నీడలో, గాలి తగిలేచోట పేపరు మీద ఒక వారం వదిలేయండి. తడి వల్ల చెదమట్టితో అతుక్కున్నవి ఎండితే చాలాసార్లు వాటంతట అవే ఒక అంచున విడుస్తాయి, అలా విడిచినవాటిని తీసి మిగతావాటితో కలపండి. విడవకపోతే అవి బ్యాంకులో పని కావు. విడదీయలేనంతగా అంటుకున్నవీ, బాగా కాలినవీ, ముట్టుకుంటే పొడి అయ్యేవీ రిజర్వ్ బ్యాంకు ఇష్యూ ఆఫీసులోనే తీసుకుంటారు, అక్కడ వాటిని ప్రత్యేకంగా పరిశీలిస్తారు. మనకు హైదరాబాదు కంటే చెన్నై దగ్గర, బీచ్ స్టేషను దగ్గర రాజాజీ సాలైలో ఉంది ఆఫీసు. 2,000 రూపాయల కోసం ఇద్దరు ప్రత్యేకంగా చెన్నై పోయి రావడం నేను సలహా ఇవ్వను, రైలు చార్జీ, భోజనం, ఒకరోజు కూలీ కలిపితే మిగిలేది తక్కువ. మన నెల్లూరు వాళ్లం ఏదో ఒక ఆసుపత్రి పనికో పెళ్లి పనికో చెన్నై పోతూనే ఉంటాం, ఆ రోజు దాకా వాటిని అలాగే కదపకుండా గట్టి అట్టపెట్టెలో దాచండి.

మీ ఆయన సంగతి నేను తేల్చేది కాదు, కానీ ఒక చిన్న విషయం ఆలోచించుకోండి. చెస్ట్ బ్రాంచిలో వెంటనే చేతికి ఇవ్వకుండా అకౌంటులో వేస్తామంటే ఏ అకౌంటు ఇస్తారు? డబ్బు ఆమెది, కాబట్టి ఆమె అకౌంటే ఇవ్వాలి. ఆ అకౌంటుకి ఏ ఫోను నంబరు కట్టి ఉంది? మన పల్లెల్లో అమ్మ అకౌంటుకి కొడుకు ఫోనే ఉంటుంది. 7,330 జమ అయినట్టు మెసేజ్ ఆయన ఫోనుకే పోతుంది, అప్పుడు దాచినట్టు తెలిసి అడిగేదానికీ, ముందే కూర్చోబెట్టి చెప్పేదానికీ చాలా తేడా ఉంటుంది. చెప్పకూడదనుకుంటే రెండు పనులు చేయొచ్చు, వెళ్లే ముందు బ్యాంకులో ఆమె ఫోను నంబరుకు మార్పించుకోవడం, లేదా ఆఫీసరును నగదుగానే ఇవ్వమని అడగడం. చెప్పాలనుకుంటే, పోయింది అంటూ మొదలుపెట్టకుండా గ్రాఫ్ కాగితాలు చేతిలో పెట్టి ఇంత వస్తుంది అని చెప్పండి. ఏదైనా నిర్ణయించుకోవాల్సింది ఆమె, మీరు పక్కన ఉండండి.

నెల్లూరు వెళ్లేది ఆమెతోనే వెళ్లండి. నాలుగేళ్లు పాలు పోసిన మనిషి, తన నోట్లు ఒక్కొక్కటీ కొలుస్తుంటే ఎదురుగా ఉండి చూడాలి. ఉదయం బ్యాంకు తెరిచే వేళకు చేరేలా మొదటి బస్సు ఎక్కండి, సోమవారం, పండగ మర్నాడు వద్దు, క్యాష్ దగ్గర రద్దీ ఎక్కువగా ఉంటుంది. వెళ్లొచ్చాక ఎన్ని పూర్తిగా వచ్చాయో, టేపు వేసిన నోటుకు ఏం చెప్పారో నాకు రాయండి. ఆ ట్రంకు పెట్టె నేల మీద పెట్టకండి, గోడకు ఆనించకండి, చెద ఇంకా లోపలే ఉంటుంది, చీరలు కూడా తీసి ఎండలో వేయండి.